ప్యానెల్ మీద వేడి మచ్చ కనబడింది, వారంటీ వస్తుందా? ఇంటి సోలార్‌ను థర్మల్ కెమెరాతో పరీక్షించే పద్ధతి

2025 మార్చిలో తెనాలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. హైదరాబాద్ నుంచి వచ్చిన అల్లుడు ఫోన్‌కి తగిలించుకునే థర్మల్ కెమెరా తెచ్చాడట. డాబా మీద ప్యానెళ్లను దాంతో చూస్తే ఆరింటిలోనూ ఎర్రటి మచ్చలే. "ఆరూ పోయినట్టేనా బాబూ? వారంటీ పాతికేళ్లు అన్నారే" అని ఆయన టెన్షన్. నేను వెళ్లి చూసేసరికి ఆరింటిలో నాలుగు నిక్షేపంగా ఉన్నాయి. మిగిలిన రెండింటిలో లోపం ఉంది. చివరికి వాటిలో ఒకదానికే వారంటీ వచ్చింది. రెండోది ఇప్పటికీ ఆ డాబా మీదే ఉంది.

అలా ఎందుకు జరిగిందో ఆ ఇంటి లెక్కలతోనే చెబుతాను. అక్కడున్నవి 540 వాట్ల మోనో పెర్క్ ప్యానెళ్లు. ఆరూ ఒకే వరసలో కలిపి ఉన్నాయి, మొత్తం 3.24 కిలోవాట్లు. 2022 మేలో పెట్టించారు. డాబా వాడుకోవడానికి వీలుగా ఏడడుగుల ఎత్తు స్టాండు వేశారు. ఆ ఎత్తు మనకు ఎంత పనికొచ్చిందో కాసేపట్లో చూస్తారు.

కెమెరాకు కనబడేది వేడి, నెర్రె కాదు

మైక్రోక్రాక్ అంటే సిలికాన్ సెల్‌లో పడే వెంట్రుకవాసి నెర్రె. థర్మల్ కెమెరాకు అది కనబడదు. పరారుణ కాంతిలో ఈ కెమెరాలు చూసే భాగం గాజును దాటి రాదు కాబట్టి, కెమెరా చూసేది సెల్‌ను కాదు, గాజు పైభాగం ఎంత వేడిగా ఉందో అంతే. సెల్ రెండుగా చిట్లినా రెండు ముక్కలూ వెండి గీతలతో కలిసే ఉంటే కరెంటు మామూలుగానే పారుతుంది, వేడి పుట్టదు. కెమెరాలో ఆ ప్యానెల్ చక్కగానే కనబడుతుంది.

నెర్రె వల్ల సెల్‌లో ఒక ముక్క తీగల నుంచి విడిపోయినప్పుడు కథ మారుతుంది. ఆ ముక్క కరెంటు ఇవ్వడం మానేస్తుంది. ప్యానెల్లో సెల్స్ అన్నీ దండలో పూసల్లా వరసగా కలిసి ఉంటాయి కదా, మిగతా సెల్స్ తమ పూర్తి కరెంటును ఈ బలహీనమైన సెల్ గుండానే నెట్టాలని చూస్తాయి. అంత కరెంటు మోయలేని సెల్ విద్యుత్తు ఇవ్వడం మాని, పక్క సెల్స్ ఇచ్చే విద్యుత్తును తానే తిని వేడిగా మారుస్తుంది. హాట్ స్పాట్ అంటే ఇదే. దీన్ని అదుపులో పెట్టడానికే ప్యానెల్ వెనక డబ్బాలో సాధారణంగా మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి. కానీ ఆ వరసలోని వోల్టేజీ పూర్తిగా పడిపోయేదాకా డయోడ్ తెరుచుకోదు. అప్పటిదాకా ఒక్క సెల్ మీద పదుల వాట్లు కాలుతూనే ఉంటాయి.

కాబట్టి మచ్చ లేనంత మాత్రాన నెర్రె లేదనుకోకూడదు. మచ్చకు కారణం నెర్రేనని అనుకోవడమూ తప్పే. పిట్ట రెట్ట, ఊడిన టంకం, పాడైన డయోడ్, పక్కింటి కొబ్బరాకు నీడ, వీటిలో ఏదైనా కావచ్చు.

మొదటి మెట్టు: కడగడం, ఎండ, లోడు

పరీక్ష రోజు పొద్దున ఏడు గంటల లోపు ప్యానెళ్లు కడగండి. మధ్యాహ్నం కాలిపోతున్న గాజు మీద చన్నీళ్లు పోయకండి, దాంతో గాజే పగలొచ్చు. పావురం రెట్ట, సిమెంటు చుక్క, మూలలో పేరుకున్న మట్టి పోయేదాకా మెత్తటి గుడ్డతో తుడవాలి. ఈ పని చేయకుండా తీసిన ఫొటోను తయారీదారు చూడగానే "మురికి వల్ల" అని పక్కన పెట్టేస్తాడు. మురికి, నీడ వారంటీ పరిధిలోకి రావు.

ఫొటోలు తీయాల్సింది మంచి ఎండలో. బయట ప్యానెళ్లను థర్మల్ కెమెరాతో పరీక్షించడానికి ఐఈసీ 62446-3 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ప్యానెల్ తలం మీద చదరపు మీటరుకు కనీసం 600 వాట్ల ఎండ ఉండాలని, గాలి గంటకు 28 కిలోమీటర్లు దాటకూడదని అది చెబుతుంది. మన ఊళ్లలో మబ్బు లేని రోజు పదిన్నర నుంచి రెండున్నర దాకా ఆ ఎండ తేలిగ్గా దొరుకుతుంది. మబ్బులు వచ్చి పోతుంటే ఆ రోజు వదిలేయండి. గాజు చల్లబడటానికీ వేడెక్కడానికీ నిమిషాలు పడుతుంది, ఆ మధ్యలో తీసిన కొలత దేనికీ పనికిరాదు.

ఇంకో విషయం ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. ఫొటో తీసేటప్పుడు ఇన్వర్టర్ పనిచేస్తూ ఉండాలి. కరెంటు పోతే మామూలు గ్రిడ్ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది. ప్యానెళ్లలో కరెంటు పారదు, పారకపోతే హాట్ స్పాట్ ఉండదు. మాస్టారింట్లో నేను వెళ్లిన పావుగంటకే కరెంటు పోయింది, అల్లుడు చూపించిన మచ్చల్లో అసలైనవి కూడా మాయమయ్యాయి. కరెంటు వచ్చాక, ఇన్వర్టర్ మళ్లీ ఎక్కాక, ఇంకో పావుగంట ఆగి మొదలుపెట్టాం.

రెండో మెట్టు: కెమెరాను మన దారికి తెచ్చుకోవడం

ఆరు ప్యానెళ్లలోనూ ఎరుపు ఎందుకు కనబడిందంటే, అల్లుడి కెమెరా ఆటోమేటిక్ రంగులతో ఉంది. ఆ పద్ధతిలో తెరలో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటుకు ఎరుపు, చల్లగా ఉన్న చోటుకు నీలం వేసేస్తుంది. ఆ రెండింటి మధ్య తేడా మూడు డిగ్రీలైనా సరే, ముప్పై అయినా సరే. ప్యానెల్ వెనక డబ్బా ఉన్న చోట సెల్స్‌కు గాలి తక్కువ తగులుతుంది కాబట్టి కొద్ది డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. కెమెరా దాన్నే మంటలా చూపించింది.

అందుకని రంగుల హద్దులు మనమే పెట్టాలి. వేసవిలో నేను కింద హద్దు 40, పై హద్దు 90 డిగ్రీలు పెట్టి, అన్ని ప్యానెళ్లకూ అదే ఉంచుతాను. మాస్టారింట్లో అలా మార్చగానే ఆరింటిలో నాలుగు ఒకే రంగులోకి వచ్చేశాయి. అల్లుడు నా వైపు చూసి నవ్వాడు గానీ, మాస్టారు మాత్రం "మరి ఆ రెండూ?" అన్నారు.

తర్వాత ఎమిసివిటీ సెట్టింగు. వస్తువు తన వేడిని ఎంత నిజాయితీగా బయటికి చెబుతుందో తెలిపే అంకె ఇది. గాజు వైపు 0.85, వెనక ప్లాస్టిక్ షీటు వైపు 0.95 పెట్టండి. రెండు వైపులా గాజు ఉన్న ప్యానెల్ అయితే వెనక కూడా 0.85. ఫొటోను ఉష్ణోగ్రత వివరాలతో సహా భద్రపరిచే ఫైలుగా దాచాలి. అలాంటి ఫైలునైతే తర్వాత తెరిచి ఏ చుక్క దగ్గరైనా ఎన్ని డిగ్రీలో చూడొచ్చు. తెర మీద కనబడేదాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపితే క్లెయిమ్‌లో దానికి విలువ లేదు.

కెమెరా ఎంత మంచిది కావాలి? ఒక సెల్ వెడల్పులో కనీసం అయిదు చుక్కలైనా పడాలి. ఈ ప్యానెళ్లలో సగం కోసిన సెల్స్ ఉంటాయి, వాటి చిన్న వైపు దాదాపు 9 సెంటీమీటర్లు. అంటే ఒక్కో చుక్క 1.8 సెంటీమీటర్లకు మించకూడదు. అల్లుడి కెమెరాకు అడ్డంగా 256 చుక్కలు. రెండు మీటర్ల దూరం నుంచి చూస్తే తెరలో రెండు మీటర్ల పైచిలుకు వెడల్పు పడుతోంది, అంటే చుక్కకు సెంటీమీటరు కన్నా తక్కువే. ఆ దూరానికి అది సరిపోతుంది. అదే కెమెరాతో పక్క డాబా మీద నుంచి పది మీటర్ల దూరంలో తీస్తే వేడి సెల్ పక్క చుక్కల్లో కలిసిపోయి, 90 డిగ్రీలున్నది 70గా కనబడుతుంది.

మూడో మెట్టు: ముందు నుంచి, తర్వాత వెనక నుంచి

గాజు అద్దం లాంటిది. ఎదురుగా నిలబడితే మీ ఒంటి వేడి అందులో పడుతుంది, పక్కనే నీళ్ల ట్యాంకు ఉంటే దాని ప్రతిబింబమూ పడుతుంది. సూర్యుడి ప్రతిబింబం పడితే అచ్చం హాట్ స్పాట్‌లా మెరుస్తుంది. కాబట్టి నిటారుగా ఎదురు నిలబడకుండా కొంచెం పక్కకు జరిగి తీయండి, మరీ ఏటవాలుగా మాత్రం వద్దు. మచ్చ కనబడగానే ఒక అడుగు పక్కకు జరగండి. మచ్చ మీతో పాటు జరిగితే అది ప్రతిబింబం. అదే సెల్ మీద ఉండిపోతే అసలైనది. ఎత్తు కోసం నిచ్చెన వాడండి గానీ ప్యానెల్ మీద కాలు పెట్టకండి. మోకాలు ఆనించినా కొత్త నెర్రెలు పడతాయి.

ఆ తర్వాత స్టాండు కిందకు వెళ్లి వెనక నుంచి చూడండి. మన దగ్గర ఎత్తు స్టాండులున్న ఇళ్లకు ఉన్న సౌకర్యం ఇదే. వెనక షీటు మీద ప్రతిబింబాల గొడవ చాలా తక్కువ, కొలత నమ్మకంగా ఉంటుంది. ముందు వైపు కనబడ్డ మచ్చ వెనక అదే సెల్ దగ్గర కనబడితేనే నేను నోట్‌బుక్‌లో రాస్తాను. అదే సమయంలో షీటు మీద గోధుమ రంగు, పొక్కు, కాలిన వాసన ఉన్నాయేమో కూడా చూడండి.

ప్రతి మచ్చకూ మూడు ఫొటోలు కావాలి: థర్మల్ ఫొటో, అదే కోణంలో మామూలు ఫొటో, ఆ ప్యానెల్ సీరియల్ నంబర్ ఫొటో. మామూలు ఫొటోలో ఆ సెల్ మీద నీడ గానీ మురికి గానీ లేదని స్పష్టంగా కనబడాలి.

నాలుగో మెట్టు: మచ్చ ఆకారం చూసి లోపం పోల్చడం

ఆకారం చాలా చెబుతుంది. ప్యానెల్లో మూడో వంతు పొడుగ్గా ఒక పట్టీలా, మిగతా భాగం కన్నా కొద్ది డిగ్రీలే వేడిగా ఉంటే ఆ భాగం డయోడ్ గుండా దారి మళ్లిందని అర్థం. డయోడ్ షార్ట్ అయ్యుండొచ్చు, లేదా ఆ వరసలో ఎక్కడో తెగి ఉండొచ్చు. ఇన్వర్టర్ యాప్‌లో డీసీ వోల్టేజీ మామూలు కన్నా 12 నుంచి 14 వోల్టులు తగ్గి కనబడితే ఈ అనుమానం బలపడుతుంది. ప్యానెల్ మొత్తం సమానంగా వేడిగా ఉంటే దాని కరెంటే బయటికి పోవడం లేదు, కనెక్టర్లు చూడాలి. సెల్ మధ్య తీగ మీద చుక్కలా వేడి ఉంటే టంకం లోపం కావచ్చు. ఫ్రేమ్‌కు దగ్గరగా, ముఖ్యంగా కింది వరసలో చాలా సెల్స్ వెచ్చబడితే పీఐడీ అనే వేరే జబ్బు.

నెర్రె వల్ల వచ్చే మచ్చ సాధారణంగా ఒక్క సెల్‌కే పరిమితమవుతుంది, ఆ సెల్‌లో కూడా వేడి సమానంగా ఉండదు. ఒక భాగం బాగా వేడి, పక్క భాగం మామూలు, మధ్య హద్దు వంకరగా ఉంటుంది. విడిపోయిన ముక్కకు కరెంటు లేదు, మిగిలిన ముక్క మీద భారమంతా పడి అది కాలుతుంది. అలాంటి సెల్ దొరికితే గాజు మీద టార్చి ఏటవాలుగా వేసి కంటితో చూడండి. నత్త పాకిన జాడలా గోధుమరంగు సన్నని గీతలు కనబడితే అవి స్నెయిల్ ట్రెయిల్స్. నెర్రెల గుండా చేరిన తేమ వెండి గీతల్ని రంగు మార్చిన గుర్తులు. కంటికి కనబడే నెర్రె సాక్ష్యం అదొక్కటే. అయితే ఇవి పడటానికి కొన్ని నెలల నుంచి ఏళ్లు పడుతుంది, అన్ని ప్యానెళ్లలోనూ పడవు.

మాస్టారి ఇంట్లో నాలుగో ప్యానెల్లో ఒక సెల్ సగం దాకా మండుతోంది. రెండో ప్యానెల్ మధ్యలో రెండు సెల్స్ కొంచెం వెచ్చగా ఉన్నాయి, వాటి మీద సన్నటి నత్త జాడలు కూడా ఉన్నాయి.

అయిదో మెట్టు: ఎన్ని డిగ్రీల తేడా, ఎంత ఎండలో

"91 డిగ్రీలు ఉంది" అంటే దానికి అర్థం లేదు. అదే ప్యానెల్లో మంచి సెల్ ఎంత ఉంది, అప్పుడు ఎండ ఎంత ఉంది, ఈ రెండూ కావాలి. ఆ రోజు 11:40కి నాలుగో ప్యానెల్లో మంచి సెల్స్ 58, చెడ్డ సెల్ 91. తేడా 33 డిగ్రీలు.

ఎండ కొలిచే మీటరు లేకపోతే క్లాంప్ మీటరుతో ఒక చిట్కా ఉంది. డీసీ కొలవగల క్లాంప్ మీటరును ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్‌కు వెళ్లే తీగల్లో ఒకదాని చుట్టూ బిగించండి, ఏదీ విప్పక్కర్లేదు. మాకు 10.7 ఆంపియర్లు వచ్చాయి. ప్యానెల్ వెనక స్టిక్కర్‌లో `Imp` దగ్గర 13.05 అని ఉంది. అది 1000 వాట్ల ఎండకు ఇచ్చిన అంకె. కాబట్టి అప్పటి ఎండ G, పూర్తి ఎండకు సరిచేసిన తేడా ΔT ఇలా వస్తాయి:

```
G  = 10.7 / 13.05 × 1000 ≈ 820
ΔT = 33 × 1000 / 820 ≈ 40
```

అంటే పూర్తి ఎండలో తేడా 40 డిగ్రీల దాకా ఉంటుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ వేర్వేరు రోజుల్లో తీసిన ఫొటోలను పోల్చడానికి ఇదే ఆధారం. రెండో ప్యానెల్లో తేడా 6, పూర్తి ఎండకు సరిచేస్తే 7.

నా పనిలో నేను పెట్టుకున్న కొలబద్ద ఇది. సరిచేసిన తేడా 10 లోపు ఉంటే రాసిపెట్టుకుని ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ చూస్తాను. 10 నుంచి 20 అయితే కారణం వెతుకుతాను. 20 దాటితే ఫిర్యాదు రాస్తాను. 40 దగ్గరికి వచ్చిందంటే ఆ ప్యానెల్‌ను వరసలోంచి తప్పించమని చెబుతాను, ఎందుకంటే మే నెలలో ఆ సెల్ వంద డిగ్రీలు దాటుతుంది, వెనక షీటు కాలడం మొదలవుతుంది. తప్పించే పని ఎలక్ట్రీషియన్‌దే. ముందు ఏసీ స్విచ్, తర్వాత డీసీ స్విచ్ ఆపాకే కనెక్టర్ విప్పాలి. ఎండలో కరెంటు పారుతుండగా విప్పితే డీసీ నిప్పురవ్వ చేతిని కాలుస్తుంది. విప్పిన ప్యానెల్‌ను మాత్రం స్టాండు మీద నుంచి దించకండి. ఎందుకో ఇప్పుడే చెబుతాను.

ఆరో మెట్టు: వారంటీ కాగితాన్ని చదవడం

నేను చూసిన వారంటీ కాగితాల్లో "హాట్ స్పాట్ వస్తే ప్యానెల్ మారుస్తాం" అనే వాక్యం ఎక్కడా లేదు. ఉండేవి రెండు వేర్వేరు హామీలు. ఒకటి వస్తువు హామీ: ముడిసరుకులో గానీ తయారీలో గానీ లోపం ఉంటే ఇది వర్తిస్తుంది, సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లు. రెండోది ఉత్పత్తి హామీ: అందరూ చెప్పే పాతికేళ్లు ఇదే. ఇందులో వేడి ప్రస్తావనే ఉండదు, ఉండేవి వాట్లు మాత్రమే. చాలా కాగితాల్లో ఇంకో వాక్యం కూడా కనబడుతుంది: ఉత్పత్తిని తగ్గించని మైక్రోక్రాకులు, స్నెయిల్ ట్రెయిల్స్, రంగు మార్పులు లోపం కింద లెక్కకు రావని. కాబట్టి నెర్రె ఫొటో ఒక్కటే పట్టుకుని వెళితే పని కాదు.

మాస్టారి కాగితం ప్రకారం మొదటి ఏడాది 2 శాతం, ఆ తర్వాత ఏడాదికి 0.55 శాతం తగ్గొచ్చు. మూడో ఏడు నడుస్తోంది కాబట్టి 98 లోంచి రెండు సార్లు 0.55 తీసేస్తే 96.9 శాతం. 540 వాట్లలో అది 523 వాట్లు. ప్యానెల్ ఇంతకన్నా తక్కువ ఇస్తేనే ఉత్పత్తి హామీ కదులుతుంది. దాన్ని ఇంట్లో కొలవలేం. 1000 వాట్ల వెలుగు, 25 డిగ్రీల సెల్ దగ్గర ల్యాబులో చేసే ఫ్లాష్ టెస్ట్ కావాలి. చిన్న అక్షరాల్లో ఇంకొకటి ఉంటుంది: కొలతలో ఉండే పొరపాటును, మామూలుగా 3 శాతాన్ని, తయారీదారుకు అనుకూలంగా వదిలేయాలని. ఈ 3 శాతమే మాస్టారి రెండో ప్యానెల్ తలరాత రాసింది.

వర్తించనివాటి జాబితా ఇంకా పొడుగు. రవాణాలో దెబ్బ, తప్పుగా బిగించడం, మీద నడవడం, నీడ, వడగళ్లు, తుపాను, పిడుగు, సీరియల్ స్టిక్కర్ పోవడం. సముద్రం దగ్గరుంటే ఉప్పుగాలి గురించి కూడా ఒక షరతు ఉండొచ్చు, బాపట్ల, చీరాల వైపు వాళ్లు కొనేముందే చూసుకోవాలి. దించొద్దని చెప్పడానికి కారణం ఇదే. మీరు ప్యానెల్‌ను దించి మెట్ల గదిలో గోడకు ఆనించారంటే, తర్వాత కనబడే ప్రతి నెర్రెనూ "దించేటప్పుడు పడింది" అనొచ్చు. వాళ్లు రాతపూర్వకంగా చెప్పాకే దించాలి.

ఏడో మెట్టు: నెర్రె ఎవరి తప్పో చెప్పే ఫొటో

నెర్రెను నేరుగా చూపించేది ఎలక్ట్రోల్యూమినిసెన్స్ పరీక్ష, ఈఎల్ అంటారు. చీకట్లో ప్యానెల్ లోకి బయటి నుంచి కరెంటు పంపితే సిలికాన్ కంటికి కనబడని కాంతి వెదజల్లుతుంది. ప్రత్యేక కెమెరాలో అది ఎక్స్‌రేలా పడుతుంది. నెర్రెలు నల్లటి గీతలుగా, విడిపోయిన ముక్కలు నల్లటి మచ్చలుగా కనబడతాయి. ఇది ఇంట్లో ప్రయత్నించే పని కాదు, ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుతో చేయించుకోవాలి. ఫ్లాష్ టెస్ట్‌తో పాటే అడగండి.

ఈ ఫొటోలో నెర్రెల తీరు చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. చాలా సెల్స్‌లో ఒకే చోట, ఒకే తీరులో నెర్రె ఉంటే అది ఫ్యాక్టరీ యంత్రం వేసిన ముద్ర. ప్యానెల్ మధ్య నుంచి నాలుగు మూలలకు ఇంటూ గుర్తులా వ్యాపిస్తే, బరువు పడి ప్యానెల్ వంగిందని అర్థం. ఒక బిందువు నుంచి చెట్టు కొమ్మల్లా చీలితే అక్కడ ఏదో పడింది, లేదా ఎవరో కాలు పెట్టారు. మన దగ్గర మరీ ఎక్కువ కనబడే కారణం ఒకటుంది. కూలీలు ప్యానెల్‌ను బల్లపరుపుగా తల మీద పెట్టుకుని మెట్లెక్కడం. రెండు మీటర్ల పైచిలుకు పొడవున్న గాజు ప్యానెల్ ఒక్క తల మీద ఊగుతుంటే మధ్య సెల్స్ చిట్లకుండా ఎలా ఉంటాయి? కొత్తగా పెట్టించుకునేవాళ్లు ఇద్దరు మనుషులు ఫ్రేమ్ పట్టుకుని నిలువుగా మోయాలని ముందే మాట్లాడుకోవాలి. పెట్టిన నెల లోపే ఒకసారి థర్మల్ ఫొటోలు తీసి దాచుకుంటే, తర్వాత వచ్చిన మచ్చ ఏదో మొదటి నుంచీ ఉన్నదేదో తేలిపోతుంది. మాస్టారి దగ్గర అలాంటి పాత ఫొటో ఒక్కటి ఉన్నా రెండో ప్యానెల్ కథ వేరుగా ఉండేదేమో.

ఎనిమిదో మెట్టు: ఫిర్యాదు

మచ్చ ఖాయమైన రోజునే బిగించిన వెండర్‌కూ తయారీదారుకూ ఒకే ఈమెయిల్ పంపండి. లోపం కనబడ్డాక ఇన్ని రోజుల్లో చెప్పాలని చాలా కాగితాల్లో గడువు ఉంటుంది. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. ఇన్‌వాయిస్, మీరు కొన్న రోజుకు వర్తించే వారంటీ కాగితం, సీరియల్ నంబర్లు, థర్మల్ ఫైళ్లు, మామూలు ఫొటోలు, ఆ సమయపు క్లాంప్ మీటరు కొలత, ఇన్వర్టర్ యాప్‌లోని ఆ రోజు గ్రాఫు జతచేయండి. ప్యానెల్‌కు ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్ ఉంటే అందులో ఫ్యాక్టరీ నాటి కొలతలు ఉంటాయి, వాటిని ఇవ్వమని ఈమెయిల్లోనే అడగండి. సబ్సిడీ పథకం కింద పెట్టించుకున్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. వెండర్‌తో చేసుకున్న ఒప్పందంలో అయిదేళ్ల నిర్వహణ బాధ్యత ఉంటుంది, పరీక్షకు రమ్మనే హక్కు మీకు అక్కడి నుంచే వస్తుంది.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అదీ కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్న విలువ 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, వివాదం మొదలైన రెండేళ్ల లోపు వెళ్లాలి. నిజం చెప్పాలంటే ఒక్క ప్యానెల్ కోసం అంతదూరం వెళ్లినవాళ్లను నేను చూడలేదు. కాగితాలు సరిగ్గా ఉంటే చాలావరకు ఈమెయిళ్లలోనే తేలుతుంది.

మాస్టారి విషయంలో తయారీదారు మనిషి వచ్చి చూసి, రెండు ప్యానెళ్లనూ ల్యాబుకు పంపించాడు. లోపం తేలితే పరీక్ష ఖర్చు వాళ్లది, తేలకపోతే మాస్టారిది అని ముందే రాసుకున్నారు. నాలుగో ప్యానెల్ 489 వాట్లు ఇచ్చింది. 3 శాతం కలిపినా 504, హామీ ఇచ్చిన 523 కన్నా తక్కువే. ఈఎల్ ఫొటోలో ఆ వేడి సెల్‌లో తీగ పక్కన పెద్ద నల్ల ముక్క, ఇంకో రెండు సెల్స్‌లో సరిగ్గా అదే చోట అలాంటి నెర్రెలే ఉన్నాయి. తయారీ లోపమని ఒప్పుకుని వేరే ప్యానెల్ పంపారు. 540 వాట్లవి అప్పటికి తయారు కావడం లేదట, 550ది వచ్చింది. వరసలో కలిపితే దాని అదనపు వాట్లు పెద్దగా పనికిరావు, అయినా నష్టం లేదు. లారీ కిరాయి, దించి ఎక్కించిన కూలీ మాస్టారే పెట్టుకున్నారు, ఆ ఖర్చులు వారంటీలో లేవు. కొత్త ప్యానెల్‌కు కొత్తగా పాతికేళ్లు మొదలవ్వవు, పాతదానికి మిగిలిన కాలమే వర్తిస్తుంది.

రెండో ప్యానెల్ 519 వాట్లు ఇచ్చింది. 523 కన్నా నాలుగు వాట్లు తక్కువ. కానీ 3 శాతం కలిపితే 535 అయిపోయింది, క్లెయిమ్ తిరస్కరించారు. దాని పరీక్ష ఖర్చు మాస్టారి మీదే పడింది. ఈఎల్ ఫొటోలో మధ్య సెల్స్ నుంచి మూలలకు ఇంటూ గుర్తులా నెర్రెలున్నాయి. బిగించేటప్పుడో మోసేటప్పుడో పడి ఉంటాయని నా ఉద్దేశం. వెండర్ మాత్రం "మేం పెట్టిన రోజు బాగానే ఉంది మాస్టారూ" అన్నాడు, కాదనడానికి ఆ రోజు ఫొటో లేదు. ఆ ప్యానెల్‌ను మళ్లీ ఎక్కించాం. ఆ 7 డిగ్రీల తేడా రాసిన కాగితం ఇన్వర్టర్ పక్కన గోడకు అంటించి ఉంది. ప్రతి మార్చిలో అదే సమయానికి, అదే చోట నిలబడి అల్లుడు ఫొటో తీయాలని మాట అనుకున్నాం.